కారప్పొడికి కావలసిన ముక్కు

పెద్దకోడలు చేసిన కారప్పొడి వెనక్కి రావడం పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.

క్యాంటీన్ వంటమాస్టరు మూడు కిలోల డబ్బాని గడప దగ్గర పెట్టి, తప్పు తనదే అయినట్టు నేలచూపులు చూశాడు. "ఏమీ అనుకోకండమ్మా. ఇడ్లీలన్నీ అయిపోయాయి, పొడి మాత్రం మిగిలిపోయింది. కాస్త చేదొచ్చింది. రేపు పొద్దుటికి మళ్లీ చేసివ్వగలరా?"

"భేషుగ్గా ఇస్తాను," అందావిడ.

అతను వెళ్లాక చిటికెడు పొడి నాలుక మీద వేసుకుంది. ఉప్పు తెలిసింది, మంట తెలిసింది. అంతే. డబ్బాలో ముఖం పెట్టి పీల్చింది. ఖాళీ డబ్బాని వాసన చూసినట్టే ఉంది. పది రోజుల కిందట వచ్చిన జలుబు పోతూపోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. వాసన తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చని డాక్టరు చెప్పినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి తిరిగిన పనే కదా అనుకుంది. మొగుడిని రుచి చూడమని అడిగి లాభం లేదు, గడ్డి పెట్టినా "అద్భుతం" అనే మనిషి ఆయన.

పొడి పళ్లెంలో పోసి కిటికీ వెలుగులో చూసింది. నువ్వులు మాడాయి. ముక్కు ఉంటే ముందే పట్టేసేది.

ఇప్పుడు ఎవరినైనా సాయం అడగాలి. ఆ ముక్కు ఎవరిదో తెలుసు, అదే వచ్చిన చిక్కు. పై వాటాలో ఉండే తోడికోడలిది. ఆరేళ్ల కిందట మిరపకాయలు వేయిస్తుంటే ఆవిడ దగ్గుకుంటూ దిగొచ్చి, చుట్టాలందరి ముందూ "వంట చేస్తున్నారా, దోమల్ని చంపుతున్నారా?" అనేసింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏ కబురైనా అన్నదమ్ములే మోయాలి. కింద బాణలి వేడెక్కితే చాలు, పైన కిటికీ ధడాలున మూసుకునేది.

పెద్దకోడలు కొంగు దోపుకుని మెట్లెక్కింది.

తలుపు తీసిన చిన్నకోడలు కంగారుపడింది. "ఏమైందక్కా? బావగారు బాగానే ఉన్నారా?"

"ఆయనకేం, రాయిలా ఉన్నారు. నాకే ముక్కు పనిచెయ్యడం లేదు. నీది కాసేపు కావాలి."

చిన్నకోడలు నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ, అది ఆగలేదు.

కింద పొయ్యి వెలిగింది. సన్నసెగ మీద శనగపప్పు, తర్వాత మినప్పప్పు విడివిడిగా వేయించారు. "పప్పుకి నాకు నీ ముక్కు అక్కర్లేదు. విను, గరిటెకి తగిలితే గలగలమంటోందా? లోపలి దాకా వేగింది," అంది పెద్దకోడలు. మిరపకాయలు రెండు చుక్కల నూనెలో వేసేసరికి చిన్నకోడలు వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, ఎనిమిదో తుమ్ముకి ముందు "తీసెయ్!" అని అరిచింది. తీసేసింది.

ఇక నువ్వులు. చిటపటలు మొదలయ్యాయి. పెద్దకోడలు గరిటె ఆపకుండా తిప్పుతోంది.

"ఆపక్కా!"

"ఇంకా రంగు రాలేదే."

"కమ్మటి వాసన వచ్చేసింది. ఇంకొక్క నిమిషం ఉంచితే ఆ వాసన మారిపోతుంది."

కంటికి అలవాటైన రంగు ఇంకా రాలేదు. వేయించేది తను, వెనక్కొస్తే పోయే పరువూ తనదే. ఒక్క క్షణం తటపటాయించి, బాణలి దించి నువ్వుల్ని చల్లటి పళ్లెంలోకి గుమ్మరించింది. బాణలిలో పట్టిన వేడికి పళ్లెంలో కూడా వాటి రంగు ఇంకా మారుతూనే ఉందని అప్పుడు గమనించింది. కిందటిసారి మాడింది ఇందుకే! దించాక బాణలిలోనే వదిలేసింది.

అన్నీ పూర్తిగా చల్లారాక ముందు మిరపకాయలు, ఉప్పు, ఇంగువ, ఆపైన పప్పులు బరకగా పట్టింది. నువ్వులు ఆఖర్న వేసి మిక్సీని ఆపి ఆపి రెండు మూడు సార్లే తిప్పింది. ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది.

చిన్నకోడలు చిటికెడు నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ చిటికెడు. మళ్లీ.

"చేదుందా?" అడిగింది పెద్దకోడలు.

"ఇంత బాగుంటుందని నాకేం తెలుసు? ఆరేళ్లలో ఒక్కసారైనా పంపావా?"

"నువ్వు కిటికీలు మూసుకుంటుంటే ఎలా పంపను?"

"ఘాటుకి మూశానక్కా, నీకు కాదు." చిన్నకోడలు కాస్త తగ్గింది. "దోమల మాట మాత్రం అనకుండా ఉండాల్సింది."

"దోమలు నిజంగానే పోయాయిలే," అంది పెద్దకోడలు. ఇద్దరూ పొయ్యి గట్టు పట్టుకుని నవ్వారు.

మర్నాడు పొద్దున కొత్త పొడి పట్టుకెళ్లిన వంటమాస్టరు, ఇడ్లీ గిన్నె ఇంకా వేడిగా ఉండగానే ఫోన్ చేశాడు. "అమ్మా, ఇదివరకటి దానికంటే బాగుందంటున్నారు. ఏం మార్చారు?"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. ఇదివరకటి దానికంటేనా! కాస్త కోపం, బోలెడు నవ్వు కలిసి వచ్చాయి. ఫోన్ పక్కకి పెట్టి మెట్ల మీదకి కేకేసింది:

"ఏమమ్మోయ్, ఏం మార్చామో నువ్వే వచ్చి చెప్పు!"