కామా చోట ‘అందుకని’

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ప్రచురణ సంస్థ మేడ మీది గదికి మగత కమ్మేది. కింద అచ్చుయంత్రం ఆడుతుంటే దాని అదురు నేల గుండా అరికాళ్ళలోకి పాకేది. కిటికీ అద్దం మీద వాన నీళ్ళు జారుతుంటే వాటి నీడలు బల్ల మీది కాగితాల్లో కదిలేవి. సరిగ్గా ఆ వేళకే ఎడిటరమ్మ సరంగు రాసిన పుస్తకం ముందేసుకునేది.

సరంగు నలభై ఏళ్ళపాటు నదిలో లాంచీ నడిపాడు. డెబ్బై దాటాక మోకాళ్ళు మొరాయించడంతో ఇంట్లో కూర్చుని మూడు నోటుపుస్తకాల నిండా తన బతుకంతా రాసుకున్నాడు. మనవరాలు దాన్ని టైపు చేసి తెచ్చింది.

“తాతయ్య ఎలా రాశాడో అలాగే కొట్టాను ఆంటీ. చుక్కలు పెట్టడానికి భయమేసింది” అంది ఆ పిల్ల.

నిజమే, ఆ రాతలో చుక్క కనబడితే మొక్కాలి. ఒక వాక్యం ముగిసీ ముగియకముందే ఇంకోటి వచ్చి దాని భుజం మీద చెయ్యేసేది. కొన్నిచోట్ల మధ్యలో కామా ఉండేది, కొన్నిచోట్ల అదీ లేదు. చదువుతుంటే ఎడిటరమ్మకి కుర్చీ మెల్లగా ఊగుతున్నట్టుండేది. పొగమంచు, రేవు మెట్లు, ఇంజను వాసన, తడిసిన గోనెసంచులు ఒకదాని వెంట ఒకటి తేలుతూ పోయేవి. పేజీ తిప్పాక తను ఏ ఒడ్డున ఉందో ఆమెకే తెలిసేది కాదు.

హాయిగానే ఉంది. కానీ పాఠకుడు మునిగిపోతే ఆ పాపం ఎడిటర్‌దే కదా! పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘లాంచీ కదిలింది గంట కొట్టాక డాక్టరుగారు పరుగున వచ్చి ఎక్కారు’. గంట కొట్టాక కదిలింది లాంచీయా? గంట కొట్టాక ఎక్కింది డాక్టరా? చుక్క ‘కొట్టాక’ తర్వాత పెడితే ఒక కథ, ‘కదిలింది’ తర్వాత పెడితే ఇంకో కథ. ఫోన్ చేసి అడిగింది.

“లాంచీ కదిలేసిందమ్మా. ఆ తర్వాతే గంట, ఆ తర్వాతే ఆయన దూకుడు! చెప్పు ఒకటి నీళ్ళపాలు” అని పడీపడీ నవ్వాడు సరంగు.

‘కదిలింది’ పక్కన చుక్క పెట్టింది. అలా మొదట్లో ప్రతిదీ అడిగి దిద్దింది. నూరు పేజీలు దాటేసరికి మాత్రం చెయ్యి దారిన పడింది. పెన్సిలు తనంతట తానే నడిచేది. ఇక్కడ చుక్క, అక్కడ సెమికోలన్, ఇంకోచోట ‘కానీ’. కళ్ళు సగం కలలో ఉండేవి.

ప్రూఫులు పంపిన వారానికి సరంగు కర్ర పొడుచుకుంటూ మేడెక్కి వచ్చాడు. చేతిలో ఒకే ఒక్క కాగితం. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఈ మాట నీకెవరు చెప్పారమ్మా?” అన్నాడు.

నూట పన్నెండో పేజీ. ఆయన రాసింది ఇది: ‘ఆ పొద్దున తమ్ముడితో నేను మాట్లాడలేదు, వాడు వేరే లాంచీ ఎక్కాడు’. ఆ లాంచీయే పొగమంచులో ఇసుక పడవను గుద్దుకుని మునిగింది. తమ్ముడు తిరిగి రాలేదు. ఎడిటరమ్మ కామా తర్వాత ఒక మాట చేర్చింది: ‘నేను మాట్లాడలేదు, అందుకని వాడు వేరే లాంచీ ఎక్కాడు’.

ఆమె లేచి నిలబడింది.

“ఎవరూ చెప్పలేదు బాబాయిగారూ. తప్పు నాది. అడక్కుండా రాసేశాను.”

“నలభై రెండేళ్ళు ఆ మాట లోపలే నలిగింది తల్లీ. ఒక్కసారి కూడా కాగితం మీద పెట్టలేదు. నువ్వు అచ్చులో పెట్టేశావు.” అప్పుడు కూర్చున్నాడు.

ఆమె మంచినీళ్ళిచ్చి, తన కుర్చీ ఆయన పక్కకి లాక్కుంది. “ఇవి రెండూ దేనికది నిలబడే వాక్యాలు. కామా ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదు. సన్నటి దారంతో రెండు లాంచీల్ని కట్టినట్టు.”

“తెగుతుంది” అన్నాడు సరంగు, తన విద్య కాబట్టి.

“మూడు దారులున్నాయి. మధ్యలో చుక్క పెడితే రెండూ విడివిడి సంగతులు. సెమికోలన్ పెడితే రెంటికీ ఏదో చుట్టరికం ఉందని తెలుస్తుంది, అదేమిటో మనం చెప్పం. మూడోది, కలిపే మాట పెట్టడం. కానీ, అందుకని, అయినా... ఏది పెడితే ఆ చుట్టరికాన్ని మనమే ఒప్పుకున్నట్టు.”

ఆయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మూడు రకాలుగానూ చదివాడు, పెదాలు కదుపుతూ. చుక్క దగ్గర ఆగాడు. సెమికోలన్ దగ్గర ఇంకాస్త తక్కువ ఆగాడు. ‘అందుకని’ దాకా వచ్చి కాగితం దించేశాడు. బయట వాన, కింద యంత్రం, రెండూ ఒకే చప్పుడైపోయాయి.

“ఏది నిజం బాబాయిగారూ?”

“తెలీదమ్మా.”

“పోనీ సెమికోలన్ పెడదామా? తెలియనప్పుడు అది అబద్ధం ఆడదు.”

ఆయన కాగితం మడిచాడు. “తెలిసినవాళ్ళు ఒకరున్నారు. నేనే ఎప్పుడూ అడగలేదు” అని లేచాడు.

తమ్ముడి భార్య నది అవతల కూతురింట్లో ఉంటోంది. ఎదురుపడినప్పుడల్లా ఆరోగ్యం, పిల్లల చదువులు మాట్లాడుకున్నారు తప్ప ఆ పొద్దుటి మాట ఇద్దరూ ఎత్తలేదు. మర్నాడు మనవరాల్ని తోడు తీసుకుని సరంగు వెళ్ళాడు. మరదలు వాకిట్లో ఉతికిన దుప్పట్లు ఆరేస్తోంది. తెల్లటి దుప్పట్లు గాలికి ఉబ్బి వాళ్ళిద్దరి మధ్యా లేస్తూ పడుతూ ఉన్నాయి. వాటి చాటు నుంచే అడిగాడు. ముఖం చూస్తూ అయితే అడగలేకపోయేవాడు.

“నేను మాట్లాడలేదని కోపం వచ్చి వెళ్ళాడామ్మా ఆ లాంచీలో?”

దుప్పటి పక్కకి జరిగింది.

“అయ్యో బావగారూ, ఇన్నాళ్ళూ అలా అనుకున్నారా? అప్పుడు మా అమ్మ ఆసుపత్రిలో ఉంది కదా, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. ఆసుపత్రి రేవులో ఆగేది ఆ లాంచీ ఒక్కటే. ముందురోజు సాయంత్రమే అనుకున్నాం, అదెక్కి వెళ్ళి ఇచ్చి రావాలని.”

“మరి... నా సంగతి ఏమీ అనలేదా?”

“అన్నారు. ‘మా అన్నయ్య రాత్రికి మెత్తబడతాడులే, చేపలు తెస్తాను’ అన్నారు.” ఆమె బట్టల క్లిప్పు ఒకటి తీసి, ఎక్కడా పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది. “మీరు అడుగుతారని చూశాను. మీకు బాధేమోనని నేనూ ఎత్తలేదు.”

సరంగు గోడ పట్టుకుని అరుగు మీద చతికిలబడ్డాడు. ఏడవలేదు. ఎండ దుప్పట్లలోంచి వడకట్టినట్టు దిగి ఆయన ఒళ్ళో పడింది. మరదలు పక్కనే కూర్చుంది. మనవరాలు మిగతా దుప్పట్లు ఆరేసింది.

వారం తిరక్కుండా ఆయన మళ్ళీ ప్రచురణ సంస్థ మెట్లెక్కాడు. ఎడిటరమ్మ పెన్సిలు అందించింది.

“నువ్వొద్దు, నేనే” అన్నాడు. ‘అందుకని’ కొట్టేశాడు. దాని ముందున్న కామా కూడా కొట్టేశాడు. ఆ చోట చుక్క పెట్టాడు. నొక్కి పెట్టాడేమో, కాగితానికి చిన్న బెజ్జం పడింది.

“మాట్లాడలేదు. అది నా తప్పు, అది అలాగే ఉండనీ” అన్నాడు. “వాడు లాంచీ ఎక్కడం వేరే సంగతి. దానికింద ఒక పేరా రాసుకొచ్చాను. కళ్ళజోడు గురించి.”

ఎడిటరమ్మ ఆ పేరా చదివింది. ఆరు వాక్యాలు. ఒకచోట రెండు వాక్యాలు కామాతో అతుక్కుని ఉన్నాయి: ‘మా వాడికి నా కోపం ఎంతసేపో తెలుసు, నవ్వుకుంటూ వెళ్ళాడు’.

ఈసారి పెన్సిలు పక్కన పెట్టి అడిగింది: “ఇక్కడ ఏం పెట్టమంటారు బాబాయిగారూ?”

సరంగు కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడి నవ్వు ఎక్కడినుంచో వినిపిస్తున్నట్టు తల కొంచెం వంచాడు.

“ఇక్కడ పెట్టుకోవచ్చమ్మా ‘అందుకని’” అన్నాడు.