ఏడో ప్రశ్నకు జవాబు కాయిలు

తాను రాసిన ఏడో ప్రశ్న అంటే నాగేశప్పకు చెప్పలేనంత మురిపెం. కృష్ణగిరిలో ఒక ప్రైవేటు ఐటీఐలో ఆయన ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టరు. ఆరేళ్లుగా తాత్కాలికమే. 1999లో, హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ప్రైవేటు ఐటీఐలన్నీ కలిసి పెట్టుకునే ఉమ్మడి పరీక్షకు పేపరు రాసే పని మొదటిసారి ఆయనకు దక్కింది. పేపరు మీద ఏ ఫిర్యాదూ రాకపోతే జూన్‌లో ఉద్యోగం పర్మనెంటు చేస్తానని ఐటీఐ నడిపే కరస్పాండెంటు మాటిచ్చాడు.

పేపరులో బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదని చీఫ్ ఎగ్జామినర్ వెంకటరమణప్ప ఆజ్ఞ. గీతలు గీస్తే స్టెన్సిల్ చిరుగుతుందట, సైక్లోస్టైల్ మిషను ఇంకు కక్కుతుందట. కాబట్టి ఏడో ప్రశ్నలో సర్క్యూట్‌ను మాటల్లో వర్ణించాలి, మీటరు రీడింగులు ఇవ్వాలి, చెడిన భాగం ఏదో పిల్లలు తేల్చాలి. పదకొండేళ్లుగా ఈ ప్రశ్న రాస్తూ వచ్చింది వెంకటరమణప్పే. పదకొండేళ్లూ జవాబు కాయిలే, అంటే కరెంటు వస్తే అయస్కాంతమై మోటారు స్విచ్చును లాగే తీగచుట్ట. పిల్లలు ప్రశ్న చదవడం ఎప్పుడో మానేశారు. పాస్ పర్సెంటేజీ మాత్రం నిగనిగలాడేది.

ఈసారైనా పిల్లల చేత ఆలోచింపజేయాలని నాగేశప్ప మూడు రోజులు కూర్చుని ప్రశ్నకు సానబట్టాడు. మోటారు స్టార్టరులో ఫేజు నుంచి ఫ్యూజు, దాని నుంచి ఓవర్‌లోడ్ కాంటాక్టు, స్టాప్ బటను, స్టార్ట్ బటను, చివరికి కాయిలు మొదటి కొస. కాయిలు రెండో కొస నుంచి ఒక వైరు న్యూట్రల్ బారుకు. స్టార్ట్ బటను నొక్కి పట్టుకున్నా స్టార్టరు లాగడం లేదు, మోటారు తిరగడం లేదు. మీటరు ఒక కొసను న్యూట్రల్ బారు మీద ఉంచి, రెండోదానితో వరసగా చూస్తే ఫ్యూజు తర్వాత 230 వోల్టులు, ఓవర్‌లోడ్ తర్వాత 230, స్టాప్ తర్వాత 230, స్టార్ట్ తర్వాత, అంటే కాయిలు మొదటి కొస దగ్గర, 230. చెడిన భాగం ఏది? కరెంటు కాయిలు గడప దాకా వచ్చింది కాబట్టి కాయిలే తెగింది అని జవాబుల కీలో రాసుకున్నాడు. ఆలోచించి చేరినా చేరేది కాయిలు దగ్గరికే అన్న సంగతి ఆయనకు తట్టలేదు.

అన్ని ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్లూ హోసూరులో కూడి పేపర్లు దిద్దారు. అన్నీ కలిపి రెండు వందల పన్నెండు. దాదాపు అందరూ కాయిలు అనే రాశారు, సగం మంది రీడింగుల వైపు కన్నెత్తి చూడకుండానే. ఒక్క పేపరులో మాత్రం ఇలా ఉంది: 'ఈ రీడింగులతో చెప్పలేము. కాయిలు తెగినా ఇవే వస్తాయి. కాయిలు నుంచి న్యూట్రల్‌కు పోయే వైరు తెగినా ఇవే వస్తాయి. కాయిలు రెండో కొస దగ్గర ఇంకొక రీడింగు కావాలి. సున్నా వస్తే కాయిలు. 230 వస్తే వైరు.'

దాన్ని దిద్దింది హోసూరు ఇన్‌స్ట్రక్టరు ఓబయ్య. పక్కన 'భాగం పేరు రాయలేదు' అని రాసి, అయిదుకు గుండు సున్నా చుట్టాడు.

ఆ చేతిరాత చూడగానే నాగేశప్ప గుర్తుపట్టాడు. వేప్పనపల్లి దగ్గర గొర్రెలు మేపుకునేవాళ్ల అమ్మాయి సుమ. తన క్లాసులో ఉన్న ఒకే ఒక ఆడపిల్ల. మూడు మార్కులతో తప్పింది. ఈ పరీక్ష పాసైనవాళ్లనే హోసూరు ఫ్యాక్టరీ అప్రెంటిస్ ఇంటర్వ్యూకు పిలుస్తుంది. జవాబును నాగేశప్ప ఇంకోసారి చదివాడు. పిల్ల రాసింది అక్షరాలా నిజం. తప్పు ప్రశ్నలో ఉంది.

నేరుగా వెంకటరమణప్ప దగ్గరికి పోయి చెప్పాడు.

"వైరు భాగమెట్లయితాదప్పా?" అన్నాడు ఆయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "మన స్టోరు లిస్టులో భాగాలు పదకొండు. వైరు మీటర్ల లెక్కన వస్తాది. మీటర్ల లెక్కన వచ్చేది భాగం కాదు."

"తెగితే మోటారు తిరగదు గద సార్."

"తిరగకపోతే పోనీ. సిలబస్ తిరగాల గదా."

 మరునాడు పొద్దున నాగేశప్ప స్టార్టరు బోర్డు ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. న్యూట్రల్ బారు దగ్గర వైరు తొడుగు ఒలవకుండానే స్క్రూ బిగించి తెచ్చాడు. చూడడానికి బందోబస్తుగా ఉంటుంది, లోపల రాగి మాత్రం బారును తాకదు.

"ఇది లాగడం లేదు సార్. రీడింగులు నా ప్రశ్నలో ఉండేటివే. మీరే చూడండి."

పక్కనే ఉన్న ఓబయ్య ఉత్సాహంగా మీటరు పట్టుకున్నాడు. నాలుగు చోట్లా 230. "కాయిలు!" అన్నాడు, లాటరీ తగిలినంత ఆనందంగా. స్టోరు నుంచి కొత్త కాయిలు తెప్పించి వేశారు. స్టార్టరు ఉలకలేదు, పలకలేదు.

"ఇదీ చెడిందే," అన్నాడు వెంకటరమణప్ప. ఇంకొకటి వేశారు. అదీ అంతే.

"ఈ కంపెనీ సరుకే ఇంత సార్," అని ఓబయ్య సప్లయరుకు ఫిర్యాదు రాయడానికి తెల్లకాగితం తీశాడు. మీటరును ఓమ్స్‌లో పెట్టి, తీసేసిన కాయిలు నిజంగా తెగిందో లేదో చూద్దామని ఆ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఇద్దరికీ కలిపి యాభై ఏళ్ల సర్వీసు!

"కాయిలు రెండో కొస ఒక్కసారి చూడండి సార్," అన్నాడు నాగేశప్ప.

ఓబయ్య స్టార్ట్ నొక్కిపెట్టి చూశాడు. 230. మీటరును తట్టి మళ్లీ చూశాడు. అప్పుడూ 230. కాయిలు మంచిదే, దాన్ని దాటి వచ్చిన కరెంటుకు పోయే దారి లేదు. 

వెంకటరమణప్ప ముఖం ఎర్రబడింది. "అంటే మాకే పరీక్ష పెట్టినావా నువ్వు?"

"పిల్లోళ్లకు మనం పెట్టింది ఇదే గద సార్. ఆ పిల్ల ఒక్కటే అడగాల్సింది అడిగింది."

పెద్దాయన కాసేపు లోలోపల లెక్కలు వేసుకున్నాడు. తర్వాత ఆయన గొంతు చల్లబడింది. "రూలు ఉంది. ప్రశ్నే తప్పని రాసినోడు ఒప్పుకుని సంతకం పెడితే, అందరికీ అయిదుకు అయిదు. తప్పినోళ్లలో ఇరవై మంది లేస్తారు, పర్సెంటేజీ పెరుగుతాది. నాకేం నష్టం? నీ సంగతి నువ్వు చూసుకో. జూన్‌లో నీ ఫైలు కదులుతాదంట గదా."

నాగేశప్పకు భయం వేసింది. అబద్ధమెందుకు, బాగా భయం వేసింది. ఆరేళ్ల ఎదురుచూపు ఒక్క సంతకానికి పోతుంది. సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోతే అడిగే నాథుడు లేడు, ఆ పిల్లకు కూడా ఎప్పటికీ తెలియదు. కానీ సుమ రాసిన ఆ ఆరు వాక్యాలు చదివాక, చదవనట్టు ఉండడం ఆయన వల్ల కాలేదు. సంతకం పెట్టాడు.

కాయిలు అని గుడ్డిగా రాసినవాళ్లకూ, ఫ్యూజు అని రాసినవాళ్లకూ, ఏమీ రాయనివాళ్లకూ అయిదేసి మార్కులు పడ్డాయి. వాళ్లతో పాటు సుమకు కూడా. పర్సెంటేజీ పెంచినందుకు వెంకటరమణప్పకు సన్మానం జరిగింది. పేపరు సరిగా రాయడం రానివాడిని పర్మనెంటు చేయలేమని కరస్పాండెంటు నాగేశప్పకు చెప్పాడు. వచ్చే ఏడు పేపరు మళ్లీ పెద్దాయనే రాస్తారని కూడా చెప్పాడు.

జూలైలో సుమ సర్టిఫికెట్టు కోసం వచ్చింది. ఫ్యాక్టరీలో చేరి పది రోజులయింది. స్టాఫ్ రూములో నాగేశప్ప ఒక్కడే ఉన్నాడు.

"సార్, ఒకటి అడగల్లనుకున్నాను. ఆ రెండో కొస రీడింగు మీరు కావాలనే దాచినారు గదా? మేము అడుగుతామో లేదో చూసేదానికి?"

ఆమె కళ్లలో అంత నమ్మకం నాగేశప్పకు కనబడింది. అవునమ్మా అంటే సరిపోతుంది. చేజారిన పర్మనెంటుకు బదులు ఆ పేరైనా మిగులుతుంది. ఆ ఆశ ఆయన నాలుక చివరి దాకా వచ్చింది.

"లేదమ్మా," అన్నాడు. "నాకు తోచనే లేదు. బోర్డు ముట్టుకోకుండా, ఇంట్లో మంచం మీద కూర్చుని రాసినాను."

 సుమ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మా ఫ్యాక్టరీలో ఒక స్టార్టరు రెండు దినాలుగా లాగట్లేదు సార్," అంది. "రీడింగులు రాసుకుని వచ్చినాను. ఇంకేం చూడల్లో చెప్తారా?"