చవితి చంద్రుడి సాక్ష్యం

నాకు కోపం ఎక్కువ. విడవలూరు దాటి సముద్రం ఒడ్డున ఉన్న మా పట్టపు జాలర్ల పల్లెలో నా బడిపిల్లలంతా దానికి సాక్షులే. అయితే ఆ వేసవిలో నాకు వచ్చిన కోపం పిల్లల మీద కాదు, నా మీద నాకే.

1966 మే నెలాఖరున కామమ్మ కూతురు అంకాలమ్మ బడికి వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టింది. నెల్లూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు నర్సు పని నేర్పుతారట. తిండీ, వసతీ వాళ్ళవే. జూలై ఒకటో తేదీకి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. నేను రిజిస్టరు తీశాను. పుట్టిన తేదీ 13-4-1949. అంటే పదిహేడే.

"వచ్చే ఏడు పోరాదా?" అన్నాను.

"ఇప్పుడు పోకపోతే మా మామ శ్రావణంలో నన్ను ఎవురికో ముడేసేస్తాడు, అయివోరూ. నేను పోవాలి," అంది ఆ పిల్ల. ఏడవలేదు. అది ఏడ్చుంటే బాగుండేది, నాకు కసురుకోవడానికైనా వీలుండేది.

సాయంత్రానికి కామమ్మే వచ్చింది. భర్త సముద్రంలో పోయాక చేపలగంప నెత్తిన పెట్టుకుని పిల్లను పెంచిన మనిషి. వస్తూనే అందుకుంది.

"నలభై తొమ్మిదని ఎవురు రాసినారయ్యా అందులో?"

"నువ్వు చెప్పిందేగా!"

"నేను అరవోళ్ళ ఉగాది నాడు పుట్టిందన్నా. ఏ ఏడో నేను చెప్పలా."

నిజమే, చెప్పలేదు. బడిలో చేర్చే రోజున పిల్ల కుడిచేతిని తల మీదుగా పెట్టి ఎడమచెవి అందుకోమన్నాను. అందితే బడి ఈడు వచ్చినట్టు. అప్పట్లో మా అందరి లెక్కా అదే. అంకాలమ్మ వేలికొస మాత్రం అందింది. బక్కపిల్ల. అయిదేళ్ళని నేనే అనుకుని, నేనే పుట్టిన ఏడు వేసేశాను. పన్నెండేళ్ళ నాటి నా తొందర ఆ పిల్ల మెడకు చుట్టుకుంది. సిగ్గేసింది.

"గాంధీగారు పోకముందా, పోయినాకనా?" అని అడిగాను.

"నాకేం తెలుసబ్బా? ఆ దినం పొద్దుగూకే వేళ పుట్టింది, అంతే. పురుడు పోసింది పులికాటు పడవల అరవామె. వాళ్ళ పండగని మామిడికాయా, బెల్లమూ, వేపపువ్వూ కలిపి నా నాలిక మీద పెట్టింది. మంచం మీది నించే వాకిలి గుండా చూస్తే పడమట తాటితోపు మీద సన్నంగా చవితి చంద్రుడు. 'ఇంక పోటు తగ్గతాది మే' అన్నాడు మా ఆయన నాతో. అమాస పోయి నాలుగో నాటికి సముద్రం పోటు దిగతాది గదా. అదీ నాకు తెలిసింది."

నేను చప్పున లేచాను. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని విడవలూరులో చెంచురామయ్య సిద్ధాంతి గారింటికి పోయాను. పంచాంగాలు తప్ప ఆస్తి లేని మనిషి. ముప్ఫై ఏళ్ళవి అటక మీద మూటగట్టి దాచాడు.

"అరవవాళ్ళ ఉగాది ఎప్పుడూ పదమూడో, పద్నాలుగో కదా పంతులుగారూ? మన ఉగాది మాత్రం ఎందుకట్టా గెంతుతుంది?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "వాళ్ళు చూసేది సూర్యుణ్ణి హెబ్రోను గారూ. సూర్యుడు మేషరాశిలో అడుగుపెడితే వాళ్ళకు ఏడు మొదలు. ఒరియావాళ్ళకూ అంతే, పంజాబువాళ్ళకూ అంతే. సూర్యుడు ఒక్కడు, అడుగు ఒక్కటి. ఎవరి దేశంలో వాళ్ళు చూసినా పండగ ఒకే రోజు పడుతుంది. అడుగు పెట్టిన వేళను బట్టి బెంగాలీలు మర్నాడు చేసుకుంటారు, మలయాళీలు ఒక్కోసారి. అంతకు మించి తేడా రాదు."

"మరి మనకో?"

"మనది చైత్రశుద్ధ పాడ్యమి. అమావాస్య పోయి చంద్రుడు మళ్ళీ మొదలుకావాలి. చంద్రుడి పన్నెండు నెలలు సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకని మన పండగ ఏటా అన్ని రోజులు ముందుకు వస్తుంది. మరీ ముందుకొస్తే అధికమాసం పడి వెనక్కి లాగుతుంది."

మా ఈస్టరుదీ ఇంచుమించు ఇదే తంతు అని అప్పుడు తట్టింది. అదీ పున్నమి వెంట తిరిగే పండగే.

"అంటే," అన్నాను, "తేదీ సూర్యుడు చెప్తాడు. ఆ తేదీన చంద్రుడు ఎట్టా ఉన్నాడో తెలిస్తే ఏడు దొరుకుతుంది!"

సిద్ధాంతి గారు అప్పటికే మూట విప్పుతున్నారు. నలభై తొమ్మిదిలో ఏప్రిల్ పదమూడు నిండు పున్నమి. నలభై ఏడులో బహుళపక్షం, సాయంత్రం చంద్రుడే ఉండడు. నలభై ఎనిమిదిలో మన ఉగాది పదో తేదీ, పదమూడున శుద్ధ చవితి.

"నేను చెప్పలా?" అంది కామమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ కళ్ళు నిండినాయి.

రిజిస్టరు దిద్దే అధికారం నాకు లేదు. జూన్ మొదటి సోమవారం పంచాంగాలు సంచిలో వేసుకుని, తల్లీ కూతురూ నేనూ బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు జయరామయ్య గారి దగ్గరికి పోయాం. 'ఈ పుట్టిన ఏడు నేను ఊహించి వేసినది, తప్పు నాది' అని నా చేత్తో రాసిన అర్జీ ఇచ్చాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను తప్పు ఒప్పుకున్న కాగితం అదొక్కటే.

ఆయన పంచాంగాలన్నీ తిరగేశారు. "లెక్క బాగానే ఉంది మాస్టారూ. కానీ పురిటిమంచం మీది మనిషికి చంద్రుడు గుర్తుంటాడా? నాకు నిన్న ఏ తిథో తెలియదు."

నాకు కోపం ముంచుకొచ్చింది. నేను నోరు తెరిచేలోపే కామమ్మ అంది, "నిన్న విదియ సామీ. ఈ పొద్దు బహుళ తదియ. పున్నమి పోటు ఇంకా దిగలా."

ఆయన గోడ క్యాలెండరు కేసి తిరిగి చూశారు. విదియ, తదియ, అట్లాగే ఉన్నాయి.

"మీకు గడియారం ఎట్టానో మాకు చంద్రుడు అట్టా," అంది కామమ్మ. "వాణ్ణి మర్చిపోతే మా మగోళ్ళు ఇంటికి రారు."

ఆమె మగడు రాలేదన్న సంగతి ఆ గదిలో నాకూ, ఆ పిల్లకూ తెలుసు. అంకాలమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది. జయరామయ్య గారు అర్జీ ముందుకు లాక్కున్నారు. కలం తీసి సంతకం చేశారు.

బయటికి వచ్చాక, "నన్ను క్షమించు కామమ్మా," అన్నాను.

"ఊరుకోండి అయివోరూ. బిడ్డకి చెవి సరిగ్గా అందలేదు, మీరేం చేస్తారు?" అని నవ్వింది. అంత తేలిగ్గా క్షమిస్తే తట్టుకోవడం కష్టం. నేను మొహం తిప్పుకున్నాను.

మరుసటి ఏడాది ఏప్రిల్ పదమూడున అంకాలమ్మ తెల్లచీరలో పల్లెకు వచ్చింది, ఒక్కరోజు సెలవు మీద. మర్నాడే అరవపండగ. ఈసారి సూర్యుడు పద్నాలుగున మేషంలోకి వస్తున్నాడు. హాస్టల్లో అరవ పిల్లలు రేపటి పచ్చడి ఈ రోజే కలిపి డబ్బాలో పెట్టి పంపారట. ఆ పిల్ల ఒక చెంచా తీసి తల్లి నాలిక మీద పెట్టింది.

పొద్దుగూకుతోంది. కామమ్మ పడమటికి తిరిగి కన్నార్పకుండా చూసింది. తాటితోపు మీద చవితి చంద్రుడు. అదే తేదీ, అదే తిథి. సూర్యుడూ చంద్రుడూ పంతొమ్మిదేళ్ళకు ఒకసారి ఇట్లా మళ్ళీ జత కలుస్తారని సిద్ధాంతి గారు తర్వాత చెప్పారు.

అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. కామమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసి, సముద్రం వైపు చూసి, గట్టిగా అంది:

"ఇంక పోటు తగ్గతాది మే."