గొడుగు మర్చిపోయి వెళ్ళారు

టప్.

గుమ్మం పక్క మూలకి ఆనించిన నల్ల గొడుగు నుంచి ఒక చుక్క జారి నేలమీద పడింది.

టప్... కాసేపాగి, ఇంకొకటి.

అమ్మాయిని చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. వచ్చేటప్పుడు వాన ఉంది, వెళ్ళేటప్పుడు లేదు. గొడుగు అబ్బాయిది. అబ్బాయి వెళ్ళాడు, గొడుగు ఉండిపోయింది.

ఇంకొకటి కూడా ఉండిపోయింది— చెప్పులేసుకుంటూ అబ్బాయి తండ్రి అన్న మాట.

"అమ్మాయి బాగుంది. ఇంట్లో అందరం ఒకసారి అనుకుని చెబుతాం. తొందరేం లేదుగా."

ఆ మాట నముల్తూ ఆ ఇల్లు రోజులు గడిపింది.

"బాగుంది అన్నారుగా," అని అమ్మ.

"నచ్చింది అనలేదుగా," అని నాన్న.

టీ కూడా బాగుందన్నారు. సోఫా కవర్లు కూడా బాగున్నాయన్నారు. బంగారం లాంటి పిల్లని సోఫా కవర్ల వరసలో కలిపేశారని నాన్న బాధ.

ఇంట్లో అందరం అంటే ఎవరు? అబ్బాయి, అమ్మా, నాన్నా— ఉన్నదే ముగ్గురు, ముగ్గురూ వచ్చారు. ఇంక అనుకోవాల్సింది ఎవరితో, పిల్లితోనా?

తొందర లేనిది ఎవరికి? వాళ్ళకి లేదనా, మనకి ఉండకూడదనా?

ఇక గొడుగు.

"కావాలనే వదిలారు," అంది అమ్మ. "మళ్ళీ రావడానికి వంక ఉండాలిగా."

"ఏరు దాటాక తెప్ప తగలేసే రకం," అన్నాడు నాన్న. "వాన వెలిసింది, గొడుగుతో పని తీరింది."

తిరిగి పంపితే సంబంధం వదులుకున్నట్టు. ఫోన్ చేసి చెబితే ఎగబడ్డట్టు. ఊరుకుంటే గొడుగు కాజేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో గొడుగు. అందుకని దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇల్లు ఊడుస్తూ అమ్మ దాని చుట్టూ మర్యాదగా ఊడ్చింది.

ఫోన్ మోగలేదు.

మోగినప్పుడల్లా అప్పులిస్తామన్నవాళ్ళే.

అమ్మాయికి అతను నచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న అడిగాడు, అడక్కపోలేదు. "మీ ఇష్టం నాన్నా," అంది. అలా అనాలని ఎవరు నేర్పారో గానీ, నోరు దానంతటదే అనేసింది.

అతనిది బేకరీ. చేతుల మీద పొయ్యి సెగ తగిలిన చిన్న చిన్న మచ్చలు. పెద్దవాళ్ళు కావాలనే లోపల మాటల్లో పడ్డ ఆ కాసేపట్లో, బాల్కనీలో వాన చూస్తూ, అతను ఒక్కటే అడిగాడు.

"నేను చీకటుండగానే లేవాలండీ. అలారం గట్టిగా మోగుతుంది. మీకు నిద్ర తేలికా?"

ఎక్కువ మాట్లాడకు, నవ్వితే చాలు— అని అమ్మ ముందే చెప్పి పెట్టింది. నవ్వింది. అతనూ నవ్వాడు. లోపల్నించి పిలిచారు.

అంతే.

"పిల్ల బద్ధకస్తురాలా అని కూపీ లాగాడు," అంది అమ్మ, ఆ ప్రశ్న సంగతి విని.

"నిద్ర సంగతి డాక్టర్లు అడగాలి, రొట్టెలవాడికెందుకు?" అన్నాడు నాన్న.

వాన. ఎండ. మళ్ళీ మబ్బు.

అమ్మాయి పని చెవులకి పరీక్ష చేయడం. బయటి చప్పుడు రాని చిన్న గదిలో మనిషిని కూర్చోబెడుతుంది. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. అద్దానికి ఇవతల కూర్చుని శబ్దం పంపుతుంది. వినపడితే నొక్కాలి. వినపడ్డకొద్దీ శబ్దం తగ్గిస్తుంది— ఇంకా సన్నగా, ఇంకా సన్నగా... మధ్యలో ఆగుతుంది. ఎంతసేపు ఆగుతుందో లోపలివాళ్ళకి అంతు చిక్కకూడదు.

ఆ ఆగినప్పుడే మనుషులు బయటపడతారు.

ఆ రోజు ఒక తాతగారు. ఏమీ పంపకుండానే నొక్కారు. మళ్ళీ నొక్కారు. అద్దంలోంచి ఆమెని చూసి, గెలిచినట్టు తలాడిస్తూ ఇంకోసారి నొక్కారు.

ఆమె తలుపు తీసింది. "ఇప్పుడు ఏమీ మోగలేదు తాతగారూ."

"మోగలేదా? నాకు మోగినట్టే ఉందమ్మా." బయట కూర్చున్న తన భార్య వైపు చూసి గొంతు తగ్గించారు. "ఒక్కటి కూడా పోగొట్టుకోకూడదని..."

ఆమెకి నవ్వొచ్చింది. అంతలోనే ఇల్లు గుర్తొచ్చింది. బాగుంది అన్నారుగా— అని అమ్మ నొక్కిన బటన్. గొడుగు వదిలారుగా— అని ఇంకో బటన్. ఆమె మాత్రం తక్కువ తిందా? అతను నవ్వాడుగా, అతను నవ్వాడుగా అని రోజంతా నొక్కుతూనే ఉంది.

సాయంత్రం పిన్ని వచ్చింది. సంబంధం తెచ్చింది ఆవిడే. రెండిళ్ళకీ చుట్టం, రెండిళ్ళలోనూ టీ.

"ఏమంటున్నారు వాళ్ళు?" అంది అమ్మ, ఆత్రం కనపడకుండా పళ్ళెం తుడుస్తూ. అప్పటికే మూడుసార్లు తుడిచిన పళ్ళెం.

"ఏం అనలేదక్కా."

"ఏం అనలేదంటే... కుదరదని కూడా అనలేదనా?"

"ఏం అనలేదంటే ఏం అనలేదనే. అబ్బాయి అమ్మ కూడా అచ్చం ఇలాగే పీకింది నన్ను. పిల్ల తరఫువాళ్ళు ఏమంటున్నారు, ఏమంటున్నారు అని."

పళ్ళెం తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"మరి నువ్వేం చెప్పావే?"

"ఏం చెప్తాను? మీరేమైనా అంటేగా. ఏం అనలేదని చెప్పా."

నాన్న పేపరు దించాడు. "వాళ్ళు కదా ముందు చెప్పాలి! అబ్బాయి తరఫువాళ్ళు."

"అమ్మాయి కూడా ఉద్యోగస్తురాలు, ముందు ఆ పిల్ల మనసు తెలియనీ అని వాళ్ళు. వాళ్ళు చెప్పనీ అని మీరు." పిన్ని బిస్కెట్ టీలో ముంచింది. "నాకెందుకొచ్చిన గొడవ, నేను ఉన్నది ఉన్నట్టు మోస్తున్నా."

ఉన్నది ఉన్నట్టే మోసింది. ఏమీ లేనిదాన్ని అటు మోసింది, ఏమీ లేనిదాన్ని ఇటు మోసింది.

అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి గొడుగుని చూస్తోంది.

పని నేర్చుకున్న మొదట్లోనే చెప్పారు ఆమెకి— నువ్వు శబ్దం పంపకుండా, అవతలి మనిషికి వినపడలేదని రాయకూడదు. కొత్తవాళ్ళకి కూడా తనే నేర్పుతుంది ఆ సంగతి.

మరి ఈ ఇంటి నుంచి ఏం పంపారు? ఒక నవ్వు. ఒక 'మీ ఇష్టం'. అతను మాత్రం అడిగాడు. అలారానికి మెలకువ వస్తుందా అని. ఆ అలారం మోగేది ఎవరి గదిలో? ఆ గదిలో పక్కన ఎవరుంటారని అనుకుంటే ఒక మనిషి ఆ మాట అడుగుతాడు?

ఆమె చెవులు వేడెక్కాయి.

మర్నాడు వాన పట్టుకుంది. ఆమె ఆ నల్ల గొడుగే తీసింది. అమ్మ ఖాళీ అయిన ఆ మూలని చీపురుతో ఊడ్చేసింది.

మధ్యాహ్నం పనిలో ఎవరూ లేనప్పుడు, సంబంధం తెచ్చినప్పుడే పిన్ని ఇచ్చిన అతని నంబరుకి మెసేజ్ రాసింది. చెరిపింది. రాసింది.

"మీరడిగినదానికి జవాబు చెప్పలేదు. నాకు నిద్ర గాఢం. ఏ అలారానికీ లేవను. మీ గొడుగు నా దగ్గర ఉంది."

గాఢ నిద్ర సంగతి వాళ్ళు వచ్చేదాకా నిజమే. వాళ్ళు వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఆమెకి చీమ నడిచినా మెలకువే. ఆ సంగతి రాయలేదు.

పంపింది.

ఫోన్ బల్లమీద పెట్టి, లోపలి చిన్న గదిలోకి వెళ్ళి తాతగారి కుర్చీలో కూర్చుంది. తలుపు పూర్తిగా వెయ్యలేదు. నిశ్శబ్దంలో తన గుండె తనకే వినపడుతోంది. బటన్ చేతిలోకి తీసుకుంది, ఊరికే.

బయట బల్లమీద, మెసేజ్ వస్తే సన్నగా టప్‌మనే ఫోన్. బల్ల పక్కన తడిసిన గొడుగు.

అతను బేకరీలో పిండి చేతులతో ఉన్నాడేమో. చదివాడేమో. చదివి, ఇంట్లో అందరూ అనుకోవాలేమో...

టప్.

బొటనవేలు లేచింది.

ఫోనా? చుక్కా?

ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె నొక్కలేదు. ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి— ఇంకొక్కసారి వినపడనీ అని— కూర్చుంది.