పొడవైన పాదం

నేను ఒక ఉత్తరాన్ని. ప్రేమలేఖను కాను, కోర్టు నోటీసునూ కాను. తణుకు పదకేళి సంఘం వారి నెలవారీ పోటీకి నియమాలు చెప్పే ఉత్తరాన్ని. నా ముఖాన అక్షరాలున్నాయి, వీపున కాలి గీతలు ఉన్నాయి. ఆ వీపు కథే మీకు చెప్పాలి.

నన్ను కన్నది సంఘం నిర్వాహకులు సోమరాజు గారు. ఆయన సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యారు. కాగితం మీద ఉన్నదే భూమి, లేనిది ఆకాశం అనే రకం. చిత్తు రాసి, టైపు చేయించి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. ఎక్కడో ఒక ఫుల్‌స్టాపు లేదని టైపు చేసిన అమ్మాయికి అరగంట చివాట్లు పెట్టారు. అంతటి కళ్ళకి నా కడుపులో ఉన్న తప్పు కనిపించలేదు. మనుషులంతే, చీమని పట్టుకుంటారు, ఏనుగుని వదిలేస్తారు.

నేనేం చెబుతానంటే: బోర్డు మీద ఏడు హల్లులు రాస్తారు. వాటికి ఏ గుణింతమైనా పెట్టుకోవచ్చు, ఒకే హల్లుని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. మూడు ఆవృత్తాలు, అంటే మూడు రౌండ్లు; ఒక్కోదానికి పది నిమిషాలు, ప్రతి ఆవృత్తానికీ కొత్త హల్లులు. పదంలో అక్షరానికొక మార్కు. సున్నకి వేరే మార్కు లేదు, ఒత్తక్షరం ఒకటే అక్షరం. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. బల్ల మీద ఉన్న నిఘంటువులో లేని పదం కొట్టివేత. దీర్ఘం తప్పినా కొట్టివేతే.

మార్కులు సమానమైతే? మొదట, ఎక్కువ ఆవృత్తాలు గెలిచినవారు. అదీ సమానమైతే, కొట్టివేతలు తక్కువ ఉన్నవారు. అదీ సమానమైతే, నా మూడో నియమం. అది ఇలా ఉంది: 'పొడవైన పాదం గలవారే విజేత.' ఆయన చిత్తులో 'పదం' అనే రాశారు. టైపు అమ్మాయి వేలు కాస్త ఉదారంగా పడింది.

అన్నిటికన్నా కింద, సంతకానికి పైన, ఆయనకి ఎంతో ఇష్టమైన వాక్యం ఉంది: 'ఈ ఉత్తరంలో అచ్చయిన అక్షరమే అంతిమం. నిర్వాహకునితో సహా ఎవరి నోటిమాటా చెల్లదు.' ఆ వాక్యాన్ని చదువుకుంటూ ఆయన మీసం దువ్వుకున్నారు, పాపం.

నా నకళ్ళు సభ్యులకి పోస్టులో వెళ్ళాయి. అసలు ప్రతినైన నన్ను సంఘం గదిలో బోర్డుకి గుచ్చారు. ఆ గది మీరావలి చెప్పుల కొట్టు మీద మేడగది. కింద తోలు వాసన, పైన నిఘంటువు వాసన.

ఆదివారం పోటీకి అందరూ వచ్చారు. అందులో భూలక్ష్మి గారు వచ్చారంటే మా గదికి భయం. బీమా ఏజెంటు, మాట్లాడితే మనిషి పాలసీ కట్టాల్సిందే. కానీ పోటీలో మాత్రం మూడేళ్ళుగా రెండో స్థానమే. గెలిచినవాళ్ళు నెలరోజులు ఇంట్లో పెట్టుకునే చెక్క షీల్డు ఒకటుంది. దానికోసం ఆవిడ షోకేసులో చోటు ఖాళీ చేసి పెట్టుకుంది. క్రితం నెలలో అది చేతికి అందినట్టే అంది జారిపోయింది. 'పానకం' అని రాయబోయి తొందరలో 'పనకం' అని రాసింది. ఒక్క దీర్ఘం. సోమరాజు గారు ఎర్ర పెన్నుతో కొట్టేసి, "దీర్ఘం పోతే పదం పోయినట్టేనమ్మా. పనకం తాగితే దాహం తీరదు" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఈసారి చివరికి ఆవిడా, బ్యాంకు మేనేజరుగా చేసిన కామేశం గారూ మిగిలారు. మార్కులు సమానం. చెరొక ఆవృత్తం గెలిచారు, మూడోది సరిసమానం. కొట్టివేతలు చెరొకటి. మూడో నియమం దగ్గరికి వచ్చింది బండి.

"కామేశం గారిది 'పనికిమాలిన', ఆరు అక్షరాలు. భూలక్ష్మి గారిది 'పలకరింపు', అయిదే. పొడవైన పదం కామేశం గారిది కాబట్టి..." అని సోమరాజు గారు షీల్డు అందుకోబోయారు.

"ఒక్క నిమిషం ఆగండి" అంది భూలక్ష్మి. లేచి వచ్చి నా ముందు నిలబడి, పాలసీ షరతులు చదివినట్టు పైకి చదివింది. "పొడవైన పాదం గలవారే విజేత. పాదం అనుంది కదండీ."

సోమరాజు గారు నా దగ్గరకొచ్చి ముక్కు ఆనించి చూశారు. ఆయన ఊపిరి నాకు వేడిగా తగిలింది.

"అచ్చుతప్పమ్మా. పదం అని చదువుకోవాలి."

"దీర్ఘం మార్చి చదువుకోవచ్చా అండీ? అయితే క్రితం నెల నా పానకం కూడా చదువుకోండి. షీల్డు ఆ నెలకీ ఇప్పించండి."

"పాదం అంటే పద్యపాదం అనుకోవచ్చు" అన్నారాయన నీరసంగా.

"ఇవాళ పద్యాలెవరు రాశారండీ?" అని ఆవిడ నిఘంటువు తిరగేసింది. "పోనీ మీ మాటే ఉంచండి, పదం అనే చదవండి. ఇదిగో ఇక్కడ, పదం అంటే కాలు అని కూడా ఉంది."

కామేశం గారు కంగారుగా తన బూట్ల వైపు చూసుకున్నారు. మనిషి పొట్టి, కాళ్ళు ఇంకా పొట్టి. సోమరాజు గారు నా అడుగున ఉన్న తన ముద్దుల వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఉరికంబం ఎక్కేవాడిలా, "మీరావలిని పిలవండి" అన్నారు.

మీరావలి పెన్సిలుతో మేడెక్కాడు. కొలవడానికి కాగితం కావాలన్నాడు. ఖాళీగా ఉన్నది నా వీపొక్కటే. నన్ను పీకి నేల మీద బోర్లా పడుకోబెట్టారు. ముందు కామేశం గారు మేజోడు విప్పి నిలబడ్డారు. చుట్టూ పెన్సిలు తిరిగితే నాకు చక్కిలిగిలి. తర్వాత భూలక్ష్మి వంతు.

ఆవిడ కదలలేదు. అంతసేపూ గడగడలాడించిన మనిషి కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మా పెద్దమ్మ వీటిని పడవలనేదండి. పెళ్ళిచూపుల్లో చాప కింద పెట్టుకోమంది" అంది నేల చూస్తూ. "ఇప్పటికీ ఎవరి ముందూ చెప్పులు విడవను నేను."

అదీ సంగతి. షీల్డు కావాలంటే పాదం బయట పెట్టాలి. ఎవరూ నవ్వలేదు. మీరావలి మాత్రం పెన్సిలు చెవి వెనక దోపుకుని, "ఎన్నాళ్ళనించో మా కొట్లో తమ్ముడికని తొమ్మిదో నంబరు మగాళ్ళ చెప్పులు పట్టుకెళ్తారు కదమ్మా. మీకు తమ్ముడు లేడని నాకెప్పుడో తెలుసు. రండి, పెట్టండి" అన్నాడు మెల్లగా.

ఆవిడ చీర అంచు ఎత్తి నా మీద అడుగు పెట్టింది. మడమ సోమరాజు గారి సంతకం వెనక, బొటనవేలు సంఘం పేరు వెనక. వెచ్చగా, బరువుగా, నిండుగా ఉందా పాదం. కామేశం గారి గీత ఆ లోపల ఎక్కడో పిల్లాడిలా ఉండిపోయింది. మొదట చప్పట్లు కొట్టింది కామేశం గారే. "నా పదం పనికిమాలినదేనండి, ఒప్పుకున్నాను" అన్నారు. షీల్డు చేతికిస్తూ సోమరాజు గారు, "పానకం విషయంలో నేను మరీ అంత ఎగతాళి చేయకుండా ఉండాల్సింది" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మరుసటి నెలకి కొత్త ఉత్తరం వచ్చింది. దాన్ని అయిదుగురు చదివి సరిచూశారట. నాకు బోర్డు మీద పని లేకపోయింది. చెత్తబుట్టకి పోవలసినదాన్ని మీరావలి మడిచి జేబులో పెట్టుకుని కిందికి తెచ్చాడు. ఇప్పుడు కొట్లో, గల్లాపెట్టె పక్కన మేకుకి వేలాడుతున్నాను. పదాల కోసం పుట్టి పాదాల దగ్గర స్థిరపడ్డాను. చదివేవాళ్ళు లేరు, నా వీపు మాత్రం చాలా పనికొచ్చింది. దాని మీద ఉన్న పెద్ద గీత ప్రకారం ఆడవాళ్ళ చెప్పులు ఒక జత ప్రత్యేకంగా కుట్టించాడు. మెరూన్ రంగు, పట్టీ మీద చిన్న పువ్వు.

నిన్న ఆవిడ వచ్చింది. కొట్టు నిండా జనం. మీరావలి పెట్టె తెరుస్తూ అలవాటు కొద్దీ, "తమ్ముడు గారికేనా అమ్మా?" అన్నాడు.

"నాకేనండి" అంది భూలక్ష్మి అందరికీ వినపడేలా, చీర కాస్త పైకెత్తి కాలు ముందుకు చాపుతూ.