మూడో వారం పాఠం

శనివారం పొద్దున్న ఫోన్ మోగేసరికి ఎర్లిందా నోట్లో మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలే ముక్క ఉంది. డాక్టర్ ఓబ్దూలియో క్లినిక్కులో ఫోనెత్తేదీ, పేర్లు రాసేదీ, సూదికి భయపడి ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టేదీ ఆవిడే. ముక్కను గబగబా మింగి ఫోను అందుకుంది.

"నమస్కారమండీ. నాకు డాక్టరు గారి అపాయింట్‌మెంటు కావాలి," అంది అవతల ఒక ఆడగొంతు, ఒక్కో మాట దగ్గరా ఆగి ఆగి. "నా పేరు రోసా లోపెస్. నాకు కడుపు నొప్పిగా ఉంది. నిన్నటి నుంచి. నాకు జ్వరం ఉంది. వాంతులు అవుతున్నాయి. నాకు పెన్సిలిన్ పడదు. దయచేసి నెమ్మదిగా మాట్లాడండి."

ఎర్లిందాకు నవ్వొచ్చింది. రోసా లోపెస్ ఫోను చేయని వారమంటూ మా షేలా ఊళ్ళో ఉండదు. స్పానిష్ నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో మా ఊరు వచ్చిపడుతుంటారు. కొండ కింది బడిలో విల్ఫ్రీదో మాస్టారు వాళ్ళకి పాఠాలు చెబుతాడు. ఊరుగాని ఊళ్ళో జబ్బు చేస్తే డాక్టరుకి ఫోను చేసి ఏమనాలో ఒక కాగితం మీద రాసి, మొదటి వారమంతా బట్టీ పట్టిస్తాడు. శుక్రవారం నాడు ఒక్కొక్కరి చేత నిజంగానే ఫోను చేయిస్తాడు. ఎవరికి చేయిస్తాడు? ఎర్లిందాకే. ఆవిడ చిన్నకూతురి జ్ఞానస్నానానికి తండ్రి స్థానంలో నిలబడ్డవాడు ఆయన. అలాంటి మనిషి అడిగితే కాదనడం మా వైపు లేదు. పరదేశీ పేర్లు రాయలేక ఆవిడ తంటాలు పడుతుందని ఆడవాళ్ళందరికీ రోసా లోపెస్ అనీ, మగవాళ్ళందరికీ పేద్రో లోపెస్ అనీ ఆయనే నామకరణం చేశాడు. ఆవిడ ఏదో ఒక రోజూ గంటా చెబుతుంది. అవతలివాళ్ళు 'థాంక్సండీ, ఉంటానండీ' అంటారు. వెనకాల చప్పట్లు వినిపిస్తాయి. అంతటితో ఆట ముగుస్తుంది. శుక్రవారం బడి ఎగ్గొట్టినవాళ్ళు శనివారం చేయడమూ మామూలే.

"సోమవారం పదింటికి రండి, రోసా గారూ. పాస్‌పోర్టు తెచ్చుకోండి," అంది ఎర్లిందా అలవాటు ప్రకారం.

ఇప్పుడు థాంక్సు రావాలి. రాలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. కాసేపటికి ఆ గొంతు మళ్ళీ మొదటికొచ్చింది. "నమస్కారమండీ. నాకు డాక్టరు గారి అపాయింట్‌మెంటు కావాలి. నా పేరు రోసా లోపెస్. నాకు కడుపు నొప్పిగా ఉంది..."

"అబ్బో, రెండోసారి ఇంకా బాగా చెప్పావే తల్లీ! మీ మాస్టారితో చెప్పి పదికి పది వేయిస్తాలే," అని ఎర్లిందా ఫోను పెట్టేసింది.

పెట్టేసిందే గానీ మిగిలిన తమాలే మళ్ళీ ముట్టుకోలేదు. మాట మర్చిపోయినవాళ్ళు కిసుక్కున నవ్వుతారు, లేదంటే పక్కనుంచి ఎవరో అందిస్తారు. ఈ పిల్ల నవ్వలేదు. పక్కన ఎవరూ ఉన్నట్టు లేదు. నిజంగా నొప్పితో చేసిందేమో! నిజంగా నొప్పైతే ఈ పాఠమెందుకు అప్పజెబుతుంది? పాఠమే అయితే రెండోసారి ఎందుకు చెబుతుంది? ఎటు తిప్పి చూసినా ఆవిడకి అంతు చిక్కలేదు. ఫోను చూస్తే పాతకాలపు డబ్బా, ఎవరు చేశారో చెప్పదు. మాస్టారికి ఫోను కలిపింది. ఆ జ్ఞానస్నానం వరసతో వాళ్ళు ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అనుకుంటారు.

"కొంపాద్రే, ఇవాళ నాకెవరి చేతైనా ఫోను చేయించావా?"

"లేదే కొమాద్రే. నిన్ననే అందరూ చేసేశారుగా."

"అందరూనా?"

"అందరూనూ. ఏం, ఎవరైనా బాగా చెప్పారా?" ఆ గొంతులో గర్వం చూడండి!

"చాలా బాగా చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నువ్వు ముందిక్కడికి రా," అంది ఎర్లిందా.

విల్ఫ్రీదో సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మర్చిపోకూడదని ఇంట్లో మళ్ళీ చదువుకుంటుందేమో."

"చదువుకునేది ఫోనులో చదువుకుంటుందా? సరే, ఒకటి చెప్పు. సోమవారం దాకా ఆగలేను, ఇప్పుడే చూడాలి అని చెప్పుకోవాలంటే నీ కాగితంలో ఆ మాట ఎక్కడుంది?"

"అది అత్యవసరం పాఠం కదా. మూడో వారంలో వస్తుంది," అన్నాడు మాస్టారు.

"అయితే రెండు వారాల దాకా ఎవ్వరూ చావకండని చెప్పావా వాళ్ళకి?"

ఈ గోలకి డాక్టర్ ఓబ్దూలియో గదిలోంచి బయటికొచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు. "మీ నాటకాలకి నా క్లినిక్కే దొరికిందా? నాన్నా పులి కథ తెలీదూ మీకు? ఇంతకీ ఆ పిల్లెవరు?"

ఎవరని చెబుతారు? పేరు చూస్తే రోసా లోపెస్. బడిలో ఆడపిల్లలందరూ రోసా లోపెస్‌లే. ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో భోజనం, మకాం. మాస్టారు తన సెల్లు తీసి, స్పీకరు పెట్టి, ఆ ఇళ్ళన్నిటికీ వరసగా ఫోన్లు మొదలుపెట్టాడు. మొదటింటావిడ, మా పిల్ల అగ్నిపర్వతం ఎక్కడానికి పోయిందంది. రెండో ఆవిడ, "కడుపు నొప్పా? అయ్యో, రాత్రంతా ఉంది బాబూ!" అంది. ఎర్లిందా అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "బజార్లో కోడివేపుడు మెక్కింది. ఇప్పుడు మళ్ళీ అదే తినడానికి పోయింది," అని ఆవిడ ముగించింది. ఇంకో ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉందో లేదో ఎవరికీ తెలియలేదు.

తర్వాతి ఇంటావిడ దోన్యా ఒతీలియా ఎత్తింది.

"మా కైసానా? బంగారం! ఫిన్లాండు నుంచి వచ్చినా అచ్చం మన పిల్లలాగే మాట్లాడుతోంది మాస్టారూ. పొద్దుట్నించీ గది తలుపేసుకుని మీ పాఠమే వల్లిస్తోంది. కడుపు నొప్పి, జ్వరం, వాంతులు, మొత్తం గడగడా. టిఫినుకి కూడా రాలేదు, అంత పట్టుదల! 'జ్వరం ఉంది' అనేటప్పుడు కాస్త తడబడుతుంటే నేనే తలుపు బయటినుంచి సరిదిద్దాను."

ఎర్లిందా, మాస్టారూ పరుగున గుమ్మం దాటేసరికి డాక్టరు సంచీ అందుకుని అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

దోన్యా ఒతీలియా ఇల్లు బజారు వెనక సందులో ఉంది. ఆవిడ వాకిట్లోనే ఎదురొచ్చి, "ఏమైంది? ఫోను మధ్యలో పెట్టేశారే?" అంటోంది. తలుపు తోస్తే కైసా మంచం మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు చెమటకి తడిసి ముద్దయింది. పక్కన బకెట్టు. చేతిలో మాస్టారి కాగితం.

"ఎప్పట్నించమ్మా నొప్పి?" అడిగాడు డాక్టరు.

"నిన్నటి నుంచి," అంది కైసా.

"జ్వరం ఉందా?"

"నాకు జ్వరం ఉంది. వాంతులు అవుతున్నాయి. నాకు పెన్సిలిన్ పడదు."

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఒరే విల్ఫ్రీదో, ఇందులో నీ మాటలేవి, ఈ పిల్ల మాటలేవి? నిన్నట్నించీ అంటే నిజంగా నిన్నట్నించేనా? పెన్సిలిన్ పడనిది ఈమెకా, నీ రోసా లోపెస్‌కా?"

మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నాకు తెలీదు డాక్టరు గారూ. కాగితంలో అలాగే ఉంది. అందరికీ అలాగే ఉంటుంది."

కైసా ఒక్కొక్కరి మొహమూ మార్చి మార్చి చూసింది. తను అన్నీ సరిగ్గానే చెప్పింది. మరి వీళ్ళెందుకు పోట్లాడుకుంటున్నారు? ఎక్కడో తప్పు చదివానేమో అన్నట్టు కాగితం ఎత్తి, "నమస్కారమండీ," అంటూ మళ్ళీ మొదలుపెట్టింది. ఎర్లిందా ముందుకొచ్చి, ఆ కాగితం మెల్లగా తీసేసుకుని, ఆ చేతిని తన చేతిలో పెట్టుకుంది.

"వద్దమ్మా. ఇంక మాట్లాడకు," అంది.

డాక్టరు ఒళ్ళు పట్టి చూశాడు, కాలిపోతోంది. పొట్ట మీద ఎడమవైపు నొక్కాడు, బొడ్డు దగ్గర నొక్కాడు. కైసా పళ్ళు బిగబట్టింది. కుడివైపు కింద నెమ్మదిగా అదిమి, చటుక్కున చెయ్యి తీసేశాడు.

"సత్తూ!" అని అరిచింది కైసా.

మాలో ఎవరికీ తెలియని మాట. కానీ వీధిలో పోయేవాడికి కూడా అర్థమయ్యేలా అరిచింది.

"అపెండిక్సు. పగిలిందో, పగలబోతోందో," అన్నాడు డాక్టరు. "ఫైరు స్టేషనుకి ఫోను చేసి వాళ్ళ అంబులెన్సు పంపమనండి. పెన్సిలిన్ పడదనే చెప్పండి ఆసుపత్రిలో. నిజమైనా కాకపోయినా ఆ మందు జోలికి పోకుండా ఉంటే సరి."

ఈసారి ఫోను దోన్యా ఒతీలియా చేసింది. ఇల్లెక్కడో చెప్పడానికి తన వీధి పేరు తనకే గుర్తు రాక, బజారు వెనక, బజారు వెనక అని అరుస్తూనే ఉంది.

అపెండిక్సు అప్పటికే చిట్లింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని కోసిన డాక్టరమ్మ అంది. కైసా బతికింది. మూడు రోజులకి లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. దోన్యా ఒతీలియా ఫ్లాస్కులో కోడిరసం తెచ్చింది. ఎర్లిందా కూడా వెళ్ళింది. మాస్టారు గుమ్మం దగ్గర టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు గానీ లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు కూడా.

రసం నాలుగు గుక్కలు తాగాక దోన్యా ఒతీలియా ఆ పిల్ల దుప్పటి సర్దుతూ, మెల్లగా, ముక్కలు ముక్కలుగా, చేతులు తిప్పుతూ అడిగింది. "ఆ రోజు డాక్టరు నొక్కితే ఒక మాటన్నావు కదమ్మా. సత్తూ అని. అంటే ఏమిటి?"

కైసా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, మొహం ముడిచి చూపించింది. "నొప్పి," అంది.

దోన్యా ఒతీలియా దుప్పటి వదిలేసింది. ఎర్లిందా వైపు తిరిగింది.

"ఎర్లిందా, ముందు రోజు రాత్రి తెల్లవార్లూ గోడ అవతల అదే మాట వినిపించిందే. సత్తూ, సత్తూ అని. ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుకుంటోందనుకున్నాను. పాపం, పిల్లకి ఇల్లు గుర్తొచ్చిందేమోలే, మధ్యలో మనమెందుకని పక్కకి తిరిగి పడుకున్నాను."