రెండో గుర్తు

దాలయ్య తన దగ్గర మాట దాచుకుంటాడని సోములు కలలో కూడా అనుకోలేదు. సొంత అక్క మొగుడాయె. తండ్రి పోయిన ఏడు చేయి పట్టుకుని పడవ ఎక్కించి, తన పళ్లెంలోంచి కూడు తీసి పెట్టిన బావ. అలాంటివాడు కాలు విరిగి మంచాన పడ్డాక కబురంపి, పడవవాళ్లందరి ముందూ నోరారా అన్నాడు.

"ఒరే సోములు, ఇయ్యాల పడవ నువ్వు తీసుకెల్లు. రాయి మీద గేలాలెయ్యి. సేపతో వస్తే ఇకనించి తండేలు నువ్వే."

తండేలంటే పడవకు పెద్ద. అతను చెప్పిన చోటికే పడవ వెళ్తుంది. ఇరవై ఏళ్లుగా సోములు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. సంతోషం పట్టలేక బావ కాళ్లకు దండం పెట్టబోయి, కట్టు చూసి ఆగాడు.

ఆ రాయి సముద్రం అడుగున ఉంటుంది, చేపలు దాని చుట్టే మూగుతాయి. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. ఒడ్డుమీది గుర్తులు పట్టుకునే వెళ్లాలి. శ్రీకూర్మం గోపురం, దాని వెనకాల కొండ నెత్తి ఒక వరసలో కనబడాలని దాలయ్య చెప్పాడు. అంతవరకే చెప్పాడు. ఒక్క వరసతో ఏం తెలుస్తుంది? ఆ వరస పట్టుకుని ఎంత లోపలికైనా పోవచ్చు. ఎక్కడ ఆగాలో చెప్పడానికి పక్కనించి ఇంకో వరస, రెండో గుర్తు, ఉండాలి. సోములు అదే అడిగాడు.

"ఏటిరా, ఇన్నేళ్లు నా ఎనకాల తిరిగినావు, నీకు తెల్దా? ఎల్లు, ఎండెక్కిపోతాది" అన్నాడు దాలయ్య. అందరూ నవ్వారు. సోములూ సిగ్గుపడి నవ్వేశాడు.

సముద్రంలోకి వెళ్లాక నవ్వు పోయింది. గోపురం కొండ కిందికి సరిగ్గా వచ్చింది. రాయి మాత్రం ముందుందో వెనకుందో తెలియదు. ఫోన్ చేస్తే బావ ఎత్తలేదు. ఇసక మీదే గేలాలేసి, దొరికిన చిన్నాచితకా పట్టుకుపోయి, నీటి ఉరవడి మీద నెపం పెట్టేద్దామని వెనక కూర్చున్న కుర్రాళ్లు అన్నారు. సోములు ఒప్పుకోలేదు. తెలియంది తెలియదనే చెబుదాం గానీ, ముందు వెతుకుదాం అన్నాడు.

సీసపు గుండుకి సబ్బు పూసి తాడుతో వదిలాడు. పైకి లాగితే సబ్బుకి ఇసక అంటుకుని వచ్చింది. వరస తప్పకుండా కాస్త లోపలికి జరిగి మళ్లీ వదిలాడు. మళ్లీ ఇసకే. కళ్లు మూసుకుని, రెండో గుర్తు ఎలా ఉండేదో తలచుకోబోయాడు. ఏమీ గుర్తు రాలేదు. రాయి దగ్గర పడేసరికి తానెప్పుడూ పడవ అడుగున వంగి ఉండేవాడు. "సోములూ, నీల్లు తోడు" అని బావ కేకేసేవాడు. ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికే.

ఇంజను దగ్గర కూర్చున్న ముసలి జోగయ్య అతని మొహం చూసి, తల దించుకున్నాడు.

"పోయిన్నెల నీకు జొరమొచ్చి రాలేదు సూడు, ఆ రోజు మీ బావ కొడుకు యుగంధర్‌ని తీసుకొచ్చినాడు. నీల్లు తోడమన్లేదు. కొడుకుని ముందల కూకోబెట్టుకుని ఒడ్డు సూపించినాడు. నాకేటీ వినబడ్లేదు. నీకు సెప్పాలనుకున్నాను, నోరు రాలేదు."

ఇరవై ఏళ్లు! చేపలాగా నోరు తెరిచి ఆ ప్రేమంతా మింగాడు. తను వట్టి చేతులతో తిరిగొస్తాడనే బావ పంపాడన్నమాట. ఇక తండేలు కొడుకే అని రేపు అందరిచేతా అనిపించవచ్చు. సోములుకి అరిచి ఏడవాలనిపించింది. ఏడవలేదు. గుండు వదిలాడు.

పొద్దు నడినెత్తిమీదికి వచ్చాక తాడు చేతిలో టక్కుమంది. పైకి లాగితే సబ్బుకి ఇసక రేణువైనా లేదు, రాతి గీత పడి ఉంది. పడవ నిలిపి, సోములు లేచి నిలబడి ఒడ్డు వంక చూశాడు. ఉత్తరాన జంట తాటిచెట్ల మధ్య తుపాను షెల్టరు తెల్లగా ఇమిడిపోయి కనిపించింది. ఇంతేనా. ఇంత చిన్న ముక్క.

అప్పుడే ఒక కుర్రాడు అలవాటుగా నీళ్లు తోడబోయాడు. సోములు డబ్బా లాక్కున్నాడు.

"ముందు లేచి సూడండి. అందరూ సూడండి" అన్నాడు.

సాయంత్రం పడవ అంచుదాకా చేపలతో ఒడ్డు చేరింది. దాలయ్య మంచం గుమ్మంలో వేయించుకుని పడుకున్నాడు. సోములు పెద్ద చేప ఒకటి తెచ్చి బావ ముందు దించాడు. ఇంకా లోపలెక్కడో ఆశ చావలేదు. జోగయ్య పొరబడ్డాడేమో, బావ మరిచిపోయాడేమో, ఇప్పుడు నవ్వి భుజం తడతాడేమో.

దాలయ్య చేప వంక చూడనే లేదు. మొహం నల్లబడింది.

"రెండో గుర్తు ఎవుడు సెప్పినాడ్రా నీకు?" అన్నాడు.

సోములు చేప మీంచి చెయ్యి తీశాడు.

"నువ్వు కాదు బావా" అన్నాడు. చేప అక్కడే వదిలేసి, అక్క పిలుస్తున్నా ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు.